ఎంపీఈడీ ప్రపోజల్: ముందు ప్రశ్నాపత్రం పిల్లల చేతికివ్వు

"అన్నా, హైస్కూల్ పిల్లల శారీరక శ్రమ స్థాయి మీద డిసర్టేషన్. ప్రపోజల్‌కి రెండు వారాలే టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

తమ్ముడూ, మొదటి చాప్టర్ పక్కన పెట్టు. హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తీసుకొని, నువ్వు వాడబోయే ప్రశ్నాపత్రాన్ని ఓ ఇరవై మంది పిల్లలతో నింపించు. ఏం రాయాలో అక్కడే తెలుస్తుంది.

నేను వరంగల్ దగ్గర ఓ ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి PAQ-A ఇచ్చాను. గడిచిన 7 రోజుల గురించి అడిగే పత్రం అది. స్కోరుకు లెక్కకొచ్చేవి 8 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, వాటి సగటే స్కోరు. పత్తి ఏరే రోజులు. మూడో బెంచీ అమ్మాయికి మొత్తం 12 వచ్చింది, అంటే సగటు 1.5. క్లాసులో అందరికన్నా తక్కువ. కానీ ఆమె వేళ్ల చివర్లన్నీ పత్తికాయ పొట్టు గీరిన గీతలే. అడిగితే "శనివారం బడి నుంచి వచ్చినంక, ఆదివారం పొద్దంతా చేన్లనే ఉన్న సార్" అంది. శని, ఆదివారాల ప్రశ్న మాత్రం ఆటలు, డ్యాన్స్ గురించే అడుగుతుంది. పాపం, నిజాయితీగా 'ఒక్కసారి కూడా లేదు' అని టిక్ పెట్టింది. కెనడాలో తయారైన పత్రం మరి, పత్తి చేను దానికెట్లా తెలుస్తుంది?

నా ప్రపోజల్లో ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది. 'రోజుకు 60 నిమిషాల శ్రమ చేసే పిల్లలు ఎంత శాతం' అని లక్ష్యం రాసుకున్నాను. 5-17 ఏళ్ల వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సగటు అది. PAQ స్కోరేమో నిమిషాలు చెప్పదు. 1.5 అంటే ఎన్ని నిమిషాలని వైవాలో అడిగితే నా దగ్గర జవాబే లేదు. నేను చూసే ప్రపోజల్స్‌లో చాలా ఇట్లాగే ఉంటాయి, ఎందుకంటే సీనియర్ ఫైల్లో టైటిల్ మార్చి ఇచ్చేస్తున్నారు. చూస్తే బాధేస్తుంది.

అందుకే 60 నిమిషాల లక్ష్యం తీసేశాను. టైటిల్లో 'ఆటలు, వ్యాయామం' అని హద్దు పెట్టాను. దానికి తోడు ఒక్క పేజీ డైరీ చేర్చాను: రెండు బడి రోజులు, ఒక ఆదివారం, అరగంటకో గడి. సైకిల్, నీళ్లు మోయడం, చేను పని అన్నీ అందులోకి వస్తాయి. డైరీ లెక్కను PAQ స్కోరుకు కలపొద్దు, వేరే పట్టికలో చూపించు. పిల్లలు గుర్తున్నంతే రాస్తారని పరిమితుల్లో రాయి. పెడోమీటర్ పెడదామంటారు కొందరు. వంగి పత్తి ఏరుతుంటే అడుగులేం పడతాయి? ఆ కష్టం అందులోనూ కనపడదు.

తేదీ కూడా ప్రపోజల్లోనే రాయి. PAQ బడి నడిచే రోజులకే పనికొస్తుంది. దసరా సెలవులయ్యాక మొదటి సోమవారమే పత్రం ఇచ్చావనుకో, 'గడిచిన 7 రోజులు' అంటే సెలవులే వస్తాయి. బడి తెరిచాక కనీసం ఒక పూర్తి వారం ఆగు.