రెండూ గీసేది సరళరేఖే అయినప్పుడు ఎల్‌డీఏ ఎందుకు?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లాజిస్టిక్ రిగ్రెషన్ ఉండగా లీనియర్ డిస్క్రిమినెంట్ ఎనాలిసిస్ ఎప్పుడు వాడతారని ఒక ఇంటర్వ్యూలో అడిగారు. అది పాత పద్ధతి అన్నాను, పెదవి విరిచారు. ఏం చెప్పి ఉండాల్సింది?

జవాబు: పాతదన్న మాట నిజమే, ఫిషర్ దాన్ని 1936లో ప్రతిపాదించారు. కానీ అడిగినవారికి కావలసింది దాని వయసు కాదు. రెండు పద్ధతుల్లోనూ లాగ్ ఆడ్స్ సరళరేఖగానే వస్తుంది. ఆ రేఖ గుణకాలను రాబట్టే తీరులోనే తేడా ఉంది. లాజిస్టిక్ రిగ్రెషన్ కొలతలు ఎలా పరచుకున్నాయన్నది పట్టించుకోదు. ఎల్‌డీఏ మాత్రం ప్రతి తరగతీ నార్మల్ ఆకారంలో, ఒకే కోవేరియన్స్‌తో ఉందని ముందే అనుకొని, తరగతుల సగటులనూ ఉమ్మడి కోవేరియన్స్‌నూ లెక్కిస్తే చాలునంటుంది.

ఫిషర్ వాడిన `iris` డేటానే తీసుకొని, సెటోసా, వర్సికలర్ పూలను రేకు పొడవు ఒక్కదానితో విడదీయండి. యాభై సెటోసా పూలలో అతి పొడవైన రేకు 1.9 సెం.మీ., యాభై వర్సికలర్ పూలలో అతి పొట్టిది 3.0. మధ్యలో ఒక్క పువ్వూ లేదు కనుక, R లోని `glm` గుణకాన్ని ఎంత పెంచితే లైక్లీహుడ్ అంత పెరుగుతూ పోతుంది, చివరికి ఈ హెచ్చరిక వస్తుంది:

```
fitted probabilities numerically 0 or 1 occurred
```

(scikit-learn లోని `LogisticRegression` మామూలుగా పెనాల్టీతోనే నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ జబ్బు బయటపడదు.) ఎల్‌డీఏకు ఈ చిక్కు లేదు. సగటులు 1.46, 4.26, ఉమ్మడి వేరియన్స్ సుమారు 0.126, వాలు 2.80ని 0.126తో భాగిస్తే వచ్చే 22. సరిహద్దు సగటుల నడిమధ్యన, 2.86 దగ్గర.

తరగతులు బాగా విడిపోయినప్పుడూ, నమూనా చిన్నదై కొలతలు దాదాపు నార్మల్‌గా ఉన్నప్పుడూ ఎల్‌డీఏ మేలని చెప్పడానికి ఆధారం ఇదే. ఆ ఊహలు నిజమైతే, సాధారణంగా ఎదురయ్యే ఎడంలో లాజిస్టిక్ రిగ్రెషన్ సామర్థ్యం ఎల్‌డీఏ సామర్థ్యంలో సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య ఉంటుందని ఎఫ్రాన్ 1975లో చూపారు.

ఇక్కడే ఇంటర్వ్యూ చేసేవారు రెండో ప్రశ్న వేస్తారు: ఊహ తప్పితే? మన ఉదాహరణలోనే అది తప్పింది. ప్రామాణిక విచలనం సెటోసాకు 0.17, వర్సికలర్‌కు 0.47. అందువల్ల 2.86 అనే సరిహద్దు వర్సికలర్ అంచుకు మరీ దగ్గరగా జరిగిపోయింది. తరగతికొక వేరియన్స్ ఇచ్చే క్వాడ్రాటిక్ పద్ధతిలో అది దాదాపు 2.2 దగ్గర పడుతుంది. కాబట్టి మోడల్ కట్టేముందే తరగతులవారీగా విచలనాలను పక్కపక్కన పెట్టి చూస్తానని చెప్పండి. అవును, కాదు అనే కాలమ్‌లు ఎక్కువగా ఉన్నా, సగటును లాగేసే విపరీత విలువలు కనిపించినా, డేటా తగినంత ఉంటే లాజిస్టిక్ రిగ్రెషన్ వైపే మొగ్గుతానని కూడా అనండి.