పద్దెనిమిది మిద్దెతోటలు, చేతిలో ఆరు వేలు

ప్రశ్న: మాది అల్వాల్. రెండేళ్లుగా ఇళ్ల మీద మిద్దెతోటలు నెల కాంట్రాక్టు మీద చూస్తున్నాను. మొత్తం 18 ఇళ్లు. వారానికి ఒకసారి వెళ్తాం, ఏ ఇల్లయినా నెలకు 1,500. తోడుగా ఒక అబ్బాయి ఉన్నాడు. తొమ్మిది ఇళ్లు అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఉన్నాయి. మూడు కొంపల్లి, రెండు ఉప్పల్, నాలుగు మణికొండ. రోజంతా పని చేసినా నెలాఖరుకి ఏమీ మిగలట్లేదు. లక్షన్నర లోన్ తీసుకుని సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో కొని, ఇంకో పది ఇళ్లు పట్టుకుందామనుకుంటున్నాను. మంచిదేనా మేడమ్?

జవాబు: లోన్ ఇప్పుడు వద్దండి. లక్షన్నరకు 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు 5,100 పైనే ఈఎంఐ పడుతుంది. మీరు పంపిన ఖర్చుల కాగితం ప్రకారం ప్రస్తుతం మీకు నెలకు మిగులుతున్నదే ఆరు వేలు. ఆ ఆరు వేలు ఎందుకంత తక్కువో ముందు చూద్దాం.

మీకు వచ్చేది 27,000. అబ్బాయికి 13,000, పెట్రోలుకు 2,800, బండి మరమ్మతులకు 700, ఎరువులూ మందులకు 2,700, చచ్చిపోయిన మొక్కల బదులు మీ జేబులోంచి తెచ్చినవాటికి 1,800. మొత్తం ఖర్చు 21,000. మిగిలిన ఆరు వేలే 26 రోజుల మీ కష్టానికి కూలి, అంటే రోజుకు 230. మీ దగ్గర పనిచేసే అబ్బాయికి పడేది రోజుకు 500.

ఈ లెక్కలో మీరు గమనించనిది ఒకటుంది. వారానికి ఒకసారి అంటే నెలకు నాలుగు సార్లని మీరు అనుకుంటున్నారు. ఏడాదికి 52 వారాలు కదా, నాలుగు చొప్పున అయితే 48 సార్లే. ఒక్కో ఇంటికి నాలుగు సార్లు, 18 ఇళ్లకు 72 సార్లు ఏటా ఊరికే వెళ్తున్నారు. దాదాపు నెల పని అది! నెలకు సగటున మీవి 78 విజిట్లు, రోజుకు మూడు.

మీరు రాసినదాన్ని బట్టి ఒక ఇంటి దగ్గర సగటున గంటన్నర పడుతోంది. రోజుకు మూడిళ్లంటే మిద్దె మీద నాలుగున్నర గంటలు, దారిలో రెండున్నర గంటలు. దారిలో గడిచిన గంటకు ఎవరూ డబ్బివ్వరు. నెలకు మిద్దెల మీద గడిపే 117 గంటలే మీరు అమ్ముకోగల సరుకు. ఇప్పుడు మీ జీతం 20,000 అనుకుందాం. అబ్బాయి 13,000, బండికి 3,500, కత్తెరలు, స్ప్రేయర్ అరుగుదలకూ ఫోనుకూ చేతి నిల్వకూ కలిపి 2,100. మొత్తం 38,600. దాన్ని 117తో భాగిస్తే గంటకు 330 వస్తుంది. మీ ఇద్దరూ ఒక మిద్దె మీద గంటసేపు ఉండే ధర ఇది. ఎరువులు విడిగా.

ఈ 330ని పట్టుకుని మీ ఇళ్లను ఒక్కొక్కటిగా చూడండి. అరవై కుండీల పూలమొక్కల ఇల్లు వారానికి గంటలో అయిపోతుంది. నెలకు నాలుగు గంటల ఇరవై నిమిషాలు, కూలి 1,430, ఎరువు 150 కలిపితే 1,580. ఆ ఇంటికి మీ 1,500 దాదాపు సరైన ధరే. అదే నూట ఇరవై కుండీల్లో టమాటా, వంగ, బీర, ఆకుకూరలు పెంచే ఇల్లు రెండు గంటలు తింటుంది. దాని ధర ఎరువుతో కలిపి 3,100 దాటుతుంది, మీరు తీసుకునేది మాత్రం అదే 1,500. చిన్న ఇళ్ల దగ్గర సంపాదించింది పెద్ద ఇళ్ల దగ్గర పోగొట్టుకుంటున్నారన్నమాట. కుండీలు లెక్కపెట్టి రేటు కట్టే పద్ధతి నాకు నచ్చదు. ఇరవై కలబందలూ ఇరవై బీర పాదులూ ఒకటే పనా? రెండు వారాల పాటు ప్రతి ఇంట్లో మెట్లెక్కిన టైమూ దిగిన టైమూ ఫోన్‌లో రాసుకోండి. మీ రేటు కార్డు అక్కడే తయారవుతుంది.

ఇక దారి సంగతి. ఇళ్లన్నీ అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి వైపే ఉన్నాయనుకోండి, దారిలో గడిచే టైము రోజుకు గంటకు దిగుతుంది. అదే ఏడు గంటల రోజులో మిద్దె మీద ఆరు గంటలుంటారు, నాలుగిళ్లు అవుతాయి. నెలకు 156 గంటలు, 24 ఇళ్లు. పెట్రోలు ఖర్చులో కూడా 1,800 దాకా మిగులుతుంది కాబట్టి ఖర్చు 36,800కి వచ్చి, గంట ధర 236 అవుతుంది. గంటన్నర పట్టే ఇంటికి ఇప్పటి దారులతో అయితే ఎరువు కలిపి 2,300 అడగాలి. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటే 1,700 చాలు, మీ 20,000 జీతానికి లోటు రాదు. ట్రాలీ ఆటో ఈ రెండున్నర గంటల్ని తగ్గించదు. మణికొండ దారిలో బైక్ దూరే సందుల్లో అది దూరను కూడా దూరదు.

మణికొండ వాళ్లను ఒక్కసారిగా వదిలేయమనట్లేదు. నలుగురికీ ఒకే రోజు కేటాయించి, వచ్చే నెల నుంచి గంటన్నర ఇంటికి 2,300 అని చెప్పండి. ఒప్పుకున్నవాళ్లు ఉంటారు, మిగతావాళ్ల బదులు సైనిక్‌పురిలో ఇల్లు చూసుకోండి. అక్కడ మీరిప్పటికే చూస్తున్న మిద్దెకు పక్కింటివాళ్ల మిద్దె కనపడుతూనే ఉంటుంది కదా, ముందు అక్కడ అడగండి.

చచ్చిపోయిన మొక్కల 1,800 నాకు ఇంకా ఎక్కువ బాధనిపించింది. వారానికి ఒకసారి వెళ్లేవాళ్లు ఏప్రిల్, మే ఎండల్లో మొక్కను బతికించలేరు. హైదరాబాద్‌లో నలభై డిగ్రీలు దాటిన రోజున పన్నెండు అంగుళాల కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఆరిపోతుంది. ఇంటివాళ్లు ఆఫీసు నుంచి రాత్రి ఏ తొమ్మిదికో వస్తారు. మొక్క ఎండితే మాట పడేది మీరు. కాబట్టి డ్రిప్, టైమర్ లేని ఇంట్లో మొక్క చస్తే నా బాధ్యత కాదని కాంట్రాక్టులో రాయండి. డ్రిప్ సామాను డబ్బు ఇంటివాళ్లది, బిగించే కూలి మీది.

ఇక్కడ నా మిద్దె మీద నేను నేర్చుకున్న పాఠం ఒకటి చెప్పాలి. షాపులో ఇచ్చిన టైమర్ తెచ్చి ట్యాంకు పైపుకు బిగించాను. టైముకు టక్కుమని శబ్దం వచ్చేది, నీళ్లు మాత్రం రాలేదు. అది సోలెనాయిడ్ వాల్వ్ రకం, తెరుచుకోవడానికి దానికి ప్రెషర్ కావాలి. మన ట్యాంకు మిద్దెకు ఆరేడు అడుగుల ఎత్తులోనే ఉంటుంది, ఆ ప్రెషర్ చాలదు. బాల్ వాల్వ్ టైమర్ కొనాలి, అది ప్రెషర్ లేకపోయినా తెరుచుకుంటుంది. ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లదీ ఇదే ఇబ్బంది. తిప్పి సర్దుకునే మామూలు డ్రిప్పర్లే ట్యాంకు నీళ్లకు నయం. బోరు నీళ్లయితే వాటి మూతుల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని మూసుకుపోతాయి. వరుసలో ఒక్క కుండీ మాత్రమే వాడిపోయి ఉంటే, మందు కొట్టే ముందు దాని డ్రిప్పర్ విప్పి చూడండి. వెనిగర్‌లో నానబెడితే ఉప్పు కరుగుతుంది.

ఈ కారణంగానే విజిట్‌లో మొదటి పది నిమిషాలు నీళ్లకే పెట్టమంటాను. టైమర్ బ్యాటరీ, డ్రిప్పర్లు, రెండు మూడు కుండీల్లో వేలు గుచ్చి తడి. తర్వాత ఆకుల అడుగున చూడటం. తెల్లటి దూది ముద్దల్లా ఉంటే పిండినల్లి, లేత చిగుళ్ల మీద గుంపుగా ఉంటే పేనుబంక. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి ఎండ లేనప్పుడు కొట్టాలి, వారం తర్వాత మళ్లీ కొట్టాలి. కలుపు, ఎండుటాకులు, మట్టి గుల్ల చేయడం చివర్లో. ఎరువు మూడు నాలుగు వారాలకొకసారి చాలు. ఇంటివాళ్ల సంతోషం కోసం ప్రతి వారం గుప్పెడు వేస్తే మీ 2,700 ఇంకా పెరుగుతుంది, మొక్కకేం ఒరగదు. వానాకాలంలో టైమర్ ఆపడంతో పాటు మిద్దె నీళ్లు పోయే జాలీ దగ్గర ఆకులు తీయండి. అక్కడ నీళ్లు నిలిచి స్లాబ్ ఊరితే ఇంటాయన కుండీలనే తిడతాడు, కాంట్రాక్టు పోతుంది. దిగేముందు రెండు ఫోటోలు వాట్సాప్‌లో పెట్టండి. నెల తర్వాత ఏ మొక్క ఎలా ఉండేదో మాట వస్తే అవే మీకు సాక్ష్యం.

ధర పెంచితే మానేస్తారని మీకు టెన్షన్ ఉంటుంది. అందరికీ ఒకేసారి పెంచకండి. ముందు రెండు గంటల ఇళ్లతో మాట్లాడండి, మీ టైముల చిట్టా చూపించి. ఎక్కువ అనిపిస్తే, డ్రిప్ ఉండి పూలమొక్కలు, క్రోటన్లు మాత్రమే ఉన్న ఇంటికి పదిహేను రోజులకొకసారి ఇస్తానని చెప్పండి. విజిట్‌కు కాస్త టైము ఎక్కువ పట్టినా మొత్తం మీద ధర సగానికి కొంచెం పైన ఉంటుంది. కూరగాయల ఇంటికి మాత్రం ఆ మాట ఇవ్వకండి, పదిహేను రోజుల్లో పురుగు పంటంతా తినేస్తుంది. డబ్బు నెల మొదటి వారంలోనే యూపీఐలో తీసుకోండి. మీరు వెళ్లేసరికి మిద్దె తాళం వేసి ఉంటే అది కూడా ఒక విజిట్ కిందే లెక్క, ఈ మాట మొదట్లోనే చెప్పేయండి.

జీఎస్టీ గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. 24 ఇళ్లు 1,700 చొప్పున అయినా ఏడాదికి ఐదు లక్షల లోపే, సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. కానీ పిట్టగోడల దగ్గర, నిచ్చెనల మీద పనిచేసేవాళ్లు మీరు. మీకూ, ఆ అబ్బాయికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఈ వారంలోనే చేయాల్సిన పని ఇది.

ట్రాలీ నిజంగా కావలసింది జూన్‌లో, కుండీల మట్టి మార్చేటప్పుడు. పన్నెండు అంగుళాల కుండీలో తడి మట్టి పాతిక కిలోల దాకా తూగుతుంది, బైక్ మీద అయ్యే పని కాదు. ఆ నాలుగు రోజులకు కిరాయి ట్రాలీ మాట్లాడుకోండి. మట్టి మార్చడం నెల కాంట్రాక్టులో కలపకండి. ఇద్దరూ గంటకు ఎనిమిది కుండీలు మారుస్తారనుకుంటే కుండీకి కూలి 40 రూపాయల పైన పడుతుంది. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్ట్, వేపపిండి, ట్రాలీ కిరాయి బిల్లు ప్రకారం ఇంటివాళ్లవే.