గడిలో త్రయోదశి, కింద మహాశివరాత్రి

సందేహం: మా క్యాలెండర్‌లో 2025 ఫిబ్రవరి 26 గడిలో, త్రయోదశి ఎప్పటిదాకా ఉందో చెబుతూ 'త్రయోదశి ఉ. 11.08' అని వేసి, దాని కిందే మహాశివరాత్రి అని వేశారు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజంతా అదే లెక్క అని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. మరి శివరాత్రిని మాఘ బహుళ చతుర్దశి అనడం తప్పా, క్యాలెండర్ తప్పా?

సమాధానం: రెండూ తప్పు కాదు. మీ పెద్దలు చెప్పిన సూత్రం కూడా సరైనదే. కాకపోతే అది రోజుకు పేరు పెట్టడానికి పనికొచ్చే సూత్రం. పండుగను నిర్ణయించే సూత్రం వేరే ఉంది.

మన రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయంతో ముగుస్తుంది. తిథికి సూర్యోదయంతో పని లేదు. ఆకాశంలో చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి గడిచినట్టు. ఆ జరగడం పొద్దున పూర్తి కావచ్చు, మధ్యాహ్నం కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. పైగా చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి ఇరవై గంటల్లోనే అయిపోవచ్చు, మరొకటి దాదాపు ఇరవై ఏడు గంటలు సాగవచ్చు. అందుకే దాదాపు ప్రతి రోజులోనూ రెండు తిథుల ముక్కలు ఉంటాయి. ఆ రోజుకు ఒక్క పేరే కావాలి గనక సూర్యోదయానికి ఉన్న తిథి పేరు పెట్టారు.

పండుగ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. ఆ పండుగలో ముఖ్యంగా చేయాల్సిన పని ఏమిటి, దాన్ని ఏ వేళ చేయాలి, ఆ వేళకు కావలసిన తిథి ఉందా? ధర్మసింధువు, నిర్ణయసింధువు వంటి గ్రంథాలు అడిగేది ఇదే. ఆ పని చేసే వేళను కర్మకాలం అంటారు. ఆ వేళకు తిథి అందుకుని ఉండటమే వ్యాప్తి. 'మధ్యాహ్న వ్యాప్తి ఉన్న నవమి' అన్న మాటకు అర్థం మధ్యాహ్నం వేళకు నవమి ఉంది అని, అంతే.

మీరు అడిగిన శివరాత్రినే చూద్దాం. ఆకాశంలో నిజంగా కనిపించే గ్రహస్థితికి సరిపోయేలా వేసే దృక్ గణితం ప్రకారం ఆ ఏడాది చతుర్దశి 26న ఉదయం 11.08కి వచ్చి, 27న ఉదయం 8.54కి వెళ్లిపోయింది. 26న సూర్యోదయానికి త్రయోదశి, 27న సూర్యోదయానికి చతుర్దశి. పేరు పెట్టే సూత్రాన్నే పట్టుకుంటే శివరాత్రి 27న రావాలి. కానీ 27న ఉదయం 8.54 తర్వాత అంతా అమావాస్యే. ఆ రాత్రి జాగారం చేస్తే ఒక్క నిమిషం కూడా చతుర్దశిలో చేసినట్టు కాదు.

శివరాత్రికి అసలు వేళ నిశీథం, అంటే లింగోద్భవ కాలం. సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా ఉన్న రాత్రిని పదిహేను భాగాలు చేస్తే ఎనిమిదోది నిశీథం. ఆ రోజు హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సుమారు 6.21కి, మర్నాటి సూర్యోదయం సుమారు 6.38కి. అంటే రాత్రి పన్నెండు గంటల పావు, ఒక్కో భాగం నలభై తొమ్మిది నిమిషాలు. ఎనిమిదో భాగం సుమారు 12.05 నుంచి 12.54 వరకు వస్తుంది. గడియారంలో పన్నెండు కొట్టగానే అర్ధరాత్రి అనుకుంటాం గానీ, ఆ రాత్రికి అసలు నడిమి ఘడియ 12.29 ప్రాంతంలో ఉంది. 26 రాత్రి ఆ వేళంతా చతుర్దశే. కాబట్టి పండుగ 26నే. గడిలో త్రయోదశి అని ఉండటం దానికి అడ్డు కాదు. ఈ సందర్భాన్ని మాటల్లో చెప్పాలంటే 'ఈ రోజు త్రయోదశి, రాత్రికి చతుర్దశి' అనండి. తెలుగులో అది నిక్కచ్చిగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పంచాంగం గడిలో 'తె. 4.12' అని కనిపిస్తే అది ఆ తేదీ తెల్లవారుజాము కాదు. మన రోజు సూర్యోదయం దాకా సాగుతుంది కాబట్టి, ఆ రాత్రి గడిచాక వచ్చే తెల్లవారుజాము. ఇంగ్లిష్ తేదీ ప్రకారం అది మర్నాడు. దీన్ని అటూ ఇటూ చదివితే తిథి మొత్తం ఒక రోజు వెనక్కి పోతుంది. పండుగ తేదీల మీద ఇళ్లలో వచ్చే టెన్షన్‌లో సగం ఈ 'తె.' దగ్గరే పుడుతుంది.

మిగతా పండుగలకూ లెక్క ఇదే, వేళ మారుతుంది. ఉగాదిలో కొత్త సంవత్సరం కొత్త రోజుతో మొదలవ్వాలి, కాబట్టి సూర్యోదయానికి పాడ్యమి చూస్తారు. అట్లతద్ది, సంకష్టహర చతుర్థి చంద్రుణ్ణి చూసి, పూజించి ఉపవాసం విడిచే వ్రతాలు. చంద్రుడు రానిదే పని పూర్తి కాదు గనక చంద్రోదయం వేళ తిథి ఉండాలి. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజుకు ముప్పావు గంట పైన ఆలస్యంగా వస్తూ, బహుళ చవితి నాటికి రాత్రి తొమ్మిది ప్రాంతానికి జరుగుతాడు. అందువల్ల పగలంతా తదియగా ఉన్న రోజున కూడా సంకష్టహర చతుర్థి రావచ్చు.

మధ్యాహ్నం పండుగల్లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. శ్రీరాముడు పుట్టింది మధ్యాహ్నం, వినాయక చవితి పూజకు చెప్పిన వేళా మధ్యాహ్నమే. పగటిని అయిదు భాగాలు చేస్తే మూడోది మధ్యాహ్నం. ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి సూర్యాస్తమయం అనుకుంటే 10.48 నుంచి 1.12 వరకు. మరి రెండు రోజులూ ఆ వేళకు తిథి ఉంటే? లేదా ఏ రోజూ లేకపోతే? శ్రీరామనవమికి రెండో రోజు తీసుకోమంటారు, అష్టమి తగిలిన నవమి వద్దని. వినాయక చవితికి మొదటి రోజు తీసుకోమంటారు. ఆ రోజు చవితికి ముందు తదియ తగులుతుంది. తదియ గౌరీదేవి తిథి, తల్లి తాకిన చవితి కొడుక్కి ఇష్టమని ఆ గ్రంథాలు 'మాతృవిద్ధ' అని మెచ్చుకున్నాయి. వేళ ఒకటే, తిథి సరిగ్గా అందనప్పుడు చెప్పే తీర్పు మాత్రం దేవుణ్ణి బట్టి మారింది. పంచాంగాలు ఒక్కోసారి వేర్వేరు తేదీలు ఇవ్వడానికి ఇలాంటి అంచు సందర్భాలు ఒక కారణం. పాత గ్రంథాల సూత్రాలతో వేసే సిద్ధాంత గణితానికీ దృక్ గణితానికీ తిథి ముగిసే సమయంలో వచ్చే తేడా ఇంకో కారణం.

అమెరికాలో మనవాళ్లు ఇక్కడి క్యాలెండర్ తేదీనే పట్టుకోవడం గురించి కూడా ఒక మాట. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారుతుంది, నిశీథం మాత్రం ఊరిని బట్టి ఉంటుంది. అదే 2025 చతుర్దశి లాస్ ఏంజెలస్ గడియారంలో 25 రాత్రి 9.38కి మొదలై 26 రాత్రి 7.24కి ముగిసింది. అక్కడ 26 అర్ధరాత్రికి అమావాస్య వచ్చేసింది. నిశీథంలో చతుర్దశి ఉన్నది 25 రాత్రి. ఆలయాలు ఇతర కారణాలతో వేరే తేదీ పెట్టుకోవచ్చు. ఇంట్లో చేసుకునేవారు మాత్రం తమ ఊరి పంచాంగం తీసుకుని, నిశీథం వేళకు ఏ తిథి ఉందో చూసుకోవాలి.