బల్బు మార్చినా ఉల్లిగడ్డ రంగు తెలియలేదు

ప్రశ్న: నల్గొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వంటింటికి, పిల్లల చదువు గదికి, బెడ్‌రూమ్‌కి ఏ ఎల్ఈడీ బల్బులు తీసుకోవాలి? షాపులో అడిగితే తొమ్మిది వాట్లా, పన్నెండు వాట్లా అని మాత్రమే అడుగుతున్నారు.

మాది మహబూబ్‌నగర్ అండి. మూడేళ్ల కింద నేనూ వాట్లు చూసే కొన్నాను, వంటింట్లో దెబ్బతిన్నాను. అందుకే ముందు వంటింటి సంగతే చెప్తాను.

మా వంటిల్లు 8 బై 10 అడుగులు. సీలింగ్‌కి 9 వాట్ల తెల్లటి బల్బు పెట్టించాను. అమ్మ రోజూ ఒకటే గొణుగుడు, "ఉల్లిగడ్డ గోలిందో మాడిందో తెలుస్తలేదు, పాత గుండు బల్బే నయం" అని. వెలుగు చాలట్లేదేమో అనుకుని 12 వాట్లది పెట్టాను. గది వెలిగింది గానీ గొణుగుడు ఆగలేదు. చూస్తే అందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది వెలుగు పడే చోటు. బల్బు ఎంత వెలుగునిస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. వాట్లు కరెంటు ఖర్చే చెప్తాయి. 12 వాట్ల బల్బు దాదాపు 1200 ల్యూమెన్లు ఇస్తుంది. అందులో సగం గోడలకూ సీలింగ్‌కూ పోతుందనుకుంటే మిగిలిన 600ని మా గది వైశాల్యం 7.5 చదరపు మీటర్లతో భాగిస్తే 80 వస్తుంది. ఈ లెక్కను లక్స్ అంటారు. కూరగాయలు కోయడానికి గట్టు మీద 300 లక్స్ దాకా ఉండాలి. పైగా గట్టు దగ్గర నిలబడితే బల్బు మన వెనకే ఉంటుంది, మన నీడ మన కత్తిపీట మీదే పడుతుంది. ఎన్ని వాట్లు పెంచినా ఆ నీడ పోదు. గట్టుకు రెండడుగుల పైన, అల్మారా కింద రెండడుగుల ట్యూబ్ పెట్టించాను. 10 వాట్లే, 1000 ల్యూమెన్లు. ఆరడుగుల గట్టు మీద సగం పడినా 400 లక్స్ దాటుతుంది.

రెండోది రంగు. బల్బు ఎంత తెల్లగా ఉంటే రంగులు అంత బాగా కనబడతాయని అనుకుంటాం. అది తప్పు. కెల్విన్ అంకె వెలుగు పసుపా, తెలుపా, నీలమా అన్నదే చెప్తుంది: 2700 పసుపు, 4000 మామూలు తెలుపు, 6500 నీలం కలిసిన తెలుపు. వస్తువు అసలు రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పేది సీఆర్ఐ. గుండు బల్బు వెలుగు పసుపే అయినా దాని సీఆర్ఐ 100కి దగ్గర. అమ్మ చెప్పింది నిజమే!

ఎల్ఈడీలో నీలం చిప్ మీద పసుపు పూత ఉంటుంది, ఎరుపు తక్కువ పలుకుతుంది. సీఆర్ఐ 80 అని రాసున్నా ఎరుపులో తేడా రావచ్చు, ఎందుకంటే ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో లెక్కకే రాదు. కారంపొడి, ఎర్రగా గోలిన ఉల్లిగడ్డ, మాంసం, అన్నీ దెబ్బతినేది ఇక్కడే. నేను 4000 కెల్విన్, సీఆర్ఐ 90 ఉన్నది తెచ్చాను. ధర ఎక్కువ, అదే వాట్లకు ల్యూమెన్లు కాస్త తక్కువ. పెట్టె మీద సీఆర్ఐ రాయలేదంటే 80 లేదా అంతకన్నా తక్కువే అనుకోండి. షాపులోనే తేల్చుకోవాలంటే చిటికెడు కారంపొడి కాగితంలో కట్టుకెళ్లండి. బల్బు కింద ఒకసారి, గుమ్మం బయట పగటి వెలుగులో ఒకసారి చూడండి. లోపల ఇటుక పొడిలా కనిపిస్తే తీసుకోవద్దు. షాపతను నవ్వాడు గానీ నేను ఇలాగే ఎంచుకున్నాను.

చదువు గదికి ఇంత రంగు పట్టింపు అక్కర్లేదు, 80 చాలు. సీలింగ్‌కి 9 వాట్లు పెట్టి, టేబుల్‌కి 4000 కెల్విన్‌లో 450 ల్యూమెన్ల దీపం వేరుగా పెట్టండి. కుడిచేత్తో రాసే పిల్లలకు ఎడమ పక్కన ఉంటే రాసే చేతి నీడ నోట్‌బుక్ మీద పడదు. 6500 పెడితే రాత్రి పది తర్వాత నిద్ర పట్టలేదని మా చిన్నోడు ఫిర్యాదు చేశాడు. అదంతా బల్బు వల్లే అనను, వాడి ఫోన్ కూడా ఉంది కదా.

బెడ్‌రూమ్‌కి 2700 నుంచి 3000 కెల్విన్, 400 ల్యూమెన్లు సరిపోతాయి. బీరువా మాత్రం అదే గదిలో ఉంటే దాని ఎదురుగా వేరే స్విచ్‌తో 4000 కెల్విన్, సీఆర్ఐ 90 బల్బు ఒకటి పెట్టించుకోండి. పసుపు వెలుగులో నేవీ బ్లూ, నలుపు ప్యాంట్లు ఒకేలా కనబడతాయి. మా ఇంట్లో ఆ వైరింగ్ ఇప్పుడు మళ్లీ తవ్వాల్సి వస్తోంది.