సీసీలో ఎవరిని పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు

ప్రశ్న: ఒంట్లో బాగోక సెలవు మెయిల్ పెట్టేటప్పుడు హెచ్‌ఆర్‌ని, మా మేనేజర్ పైవాళ్లని కూడా సీసీలో పెట్టడం మంచిదేనా? మేనేజర్ ఫీలవుతారా?

ఫీలవుతారండి, అందులో అనుమానం అక్కర్లేదు. నేను భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని, కళ్లారా చూశాను.

మా సెక్షన్ కుర్రాడికి భోగి ముందు నిజంగానే టైఫాయిడ్ వచ్చింది. మా వైపు సంక్రాంతి వారంలో జ్వరమంటే మనిషి కోడిపందేల బరి దగ్గర ఉన్నాడనే లెక్క. ఆ భయంతో వాడు మొదటి మెయిల్లోనే మేనేజర్‌తో పాటు హెచ్‌ఆర్‌ని, జీఎం గారిని కూడా పెట్టేశాడు. జీఎం గారు పైన ఒక్క ప్రశ్నార్థకం తగిలించి దాన్ని మేనేజర్‌కి తోసేశారు. మామూలుగా అయితే మా మేనేజర్ వాట్సాప్‌లో సరే అనేసి, వచ్చాక చూసుకుందాంలే అనే మనిషి. "నేను సెలవివ్వనని ముందే పైకి చాడీ చెప్పాడా వీడు?" అన్నారు నాతో. హెచ్‌ఆర్ చూశాక ఇక సర్దుబాట్లేముంటాయి? సర్టిఫికెట్ అడిగారు. పండక్కి అటూ ఇటూ సెలవు పెడితే మధ్యలో పండగ రోజులు కూడా సెలవు కిందే కొట్టాలన్న రూలు మా దగ్గర ఉంది, ఎవరూ పట్టించుకోరు, వాడికి మాత్రం పట్టించుకున్నారు. నిజం చెప్పినవాడికి జీతం కట్, బరి దగ్గర ఫొటోలు దిగినవాళ్లకి ఏమీ లేదు!

ఒకటి రెండు రోజులైతే మేనేజర్ ఒక్కరికి చెప్పండి చాలు. హెచ్‌ఆర్‌ని పెట్టాల్సింది కాగితంతో పని పడినప్పుడు: ఆసుపత్రిలో చేరడం, ఆపరేషన్, ప్రసవం, ఈఎస్‌ఐ. ఈఎస్‌ఐ వాళ్లు జబ్బు రోజులకి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు గానీ ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, ఆఫీసు హాజరు లెక్క దానితో కలవాలి. ఇంకోటి, చాలా ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే ఉద్యోగుల రూల్స్‌లో, సెలవు మంజూరు కాకుండా పనికి రాకపోవడం 10 రోజులు దాటితే అది తప్పు కింద రాసుకుంటారు. రేపు మేనేజర్ మారిపోయి "నాకు చెప్పలేదు" అంటే, ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఏది?

పైవాళ్లని పెట్టాల్సింది ఒకటే సందర్భం, మేనేజరే సెలవులో ఉండి మీ పని ఆ రోజు ఆగకూడనప్పుడు. అప్పుడు కూడా కారణం రాసేయండి: "మా మేనేజర్ గారు సోమవారం దాకా లేరు కాబట్టి మీకు తెలియజేస్తున్నాను, కంటైనర్ కాగితాలు ఫలానా వారికి అప్పగించాను." ఆ ముక్క లేకపోతే అది ఫిర్యాదులాగే కనిపిస్తుంది.

మేనేజర్ జవాబివ్వకపోతే? ముందు ఫోన్ చేయండి. సాయంత్రానికీ ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్ మీద హెచ్‌ఆర్‌ని కలపండి, కొత్త మెయిల్ మొదలెట్టకండి, పొద్దున్నే చెప్పినట్టు టైముతో సహా కింద ఉంటుంది. పరీక్ష రిపోర్టులు మాత్రం సీసీలో అందరికీ పంపకండి బాబూ, మా వాడి రిపోర్టు క్యాంటీన్ దాకా వెళ్లింది.