స్పాట్ అడ్మిషన్‌కు డీడీ తీసుకెళ్లాలా, ఆన్‌లైన్‌లో కట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయిని బెంగళూరులో ఒక కాలేజీ స్పాట్ అడ్మిషన్‌కు సోమవారం రమ్మంది. సీటు వస్తే అదే రోజు 1,60,000 కట్టాలట. డీడీ, బ్యాంకర్స్ చెక్కు, ఆన్‌లైన్ ఏదైనా సరేనన్నారు. మిర్చి అమ్మిన డబ్బు నగదుగా నా దగ్గర ఉంది. ఏది మంచిది?

జవాబు: ముందు ఆ నగదును మీ ఖాతాలో వేయండి, పాన్ కార్డు వెంట తీసుకెళ్లండి. రూ.50,000, అంతకు మించిన డీడీని గానీ బ్యాంకర్స్ చెక్కును గానీ బ్యాంకులు నగదుకు ఇవ్వవు. ఇది తెలియక కౌంటర్ దగ్గర రోజు పోగొట్టుకునే తల్లిదండ్రులు చాలామంది.

సీటు ఇంకా ఖాయం కాలేదు కాబట్టి మీకు నా సలహా డీడీయే. కాలేజీ చేతికి ఇచ్చేదాకా అది మీ దగ్గరే ఉంటుంది. సీటు రాకపోతే అసలు డీడీని, అది తీసిన బ్రాంచికి తీసుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు. కొద్దిపాటి రుసుము పోను మిగతాది మీ ఖాతాలో పడుతుంది. అదే ముందుగా ఆన్‌లైన్‌లో కట్టేస్తే, తిరిగి ఇవ్వమని కాలేజీని అడుగుతూ ఎదురుచూడాలి.

బ్యాంకర్స్ చెక్కు మొదటినుంచీ అదే ఊళ్లో చెల్లింపులకు వాడేది. చెక్కుల క్లియరింగ్ మారాక ఆ తేడా తగ్గినా, వేరే రాష్ట్రంలో కాలేజీ గుమస్తా అభ్యంతరం చెప్పే అవకాశం ఎందుకు? బెంగళూరులో చెల్లేలా డీడీ తీయండి. పేరు మాత్రం ప్రాస్పెక్టస్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అక్కడ ట్రస్టు పేరుంటే కాలేజీ పేరు రాయించకండి. వెనుక అమ్మాయి పేరు, దరఖాస్తు నంబరు, మీ ఫోను నంబరు రాసి, రెండువైపులా ఫొటో తీసుకోండి. గడువు మూడు నెలలు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులు ఉండవు కాబట్టి గురువారమే తీసేయండి.

డీడీ పోతే మాత్రం ఇబ్బందే. నష్టపూచీ పత్రం రాసిస్తే నకలు ఇస్తారు గానీ, అందుకు రెండు వారాల దాకా పట్టవచ్చు. కాలేజీ అన్నాళ్లు ఆగదు. కాబట్టి ఆన్‌లైన్ దారి కూడా సిద్ధంగా ఉంచుకోండి. మీ మొత్తం 2 లక్షల లోపే కనుక ఆర్‌టీజీఎస్ కుదరదు, నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్ వాడాలి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి రోజు చాలా బ్యాంకులు కొంత మొత్తమే పంపనిస్తాయి. అందుకే కాలేజీ ఖాతాను శుక్రవారమే చేర్చి, తెరమీద కనిపించే ఖాతాదారు పేరు సరిచూసుకోండి. ఆ ఖాతా వివరాలు కాలేజీ వెబ్‌సైటు నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో ఎవరో పంపినవి కాదు. కాలేజీకి సొంత ఫీజు పోర్టల్ ఉంటే అదే మేలు, ఎందుకంటే అక్కడ డబ్బు అమ్మాయి దరఖాస్తు నంబరుతో జతపడి వెళ్తుంది. నేరుగా నెఫ్ట్ చేస్తే మాత్రం ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరును కాలేజీ ఆఫీసులో ఇచ్చి, రసీదు చేతికి వచ్చాకే బయలుదేరండి.