డెలివర్డ్ అని చూపిస్తోంది, పార్శిల్ రాలేదు: ఎవరి చేతికిచ్చారో ముందు అది అడగండి

ప్రశ్న: నిన్న సాయంత్రం డెలివరీ అయిందని ట్రాకింగ్‌లో ఉంది, మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మా సిస్టమ్‌లో డెలివరీ అయిపోయింది సార్" అంటున్నారు. డబ్బులు ముందే కట్టేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు:

రెండేళ్ల కింద నాకూ ఇట్లనే జరిగింది. మాది నకిరేకల్ దగ్గర పల్లె. అమ్మకు మిక్సీ ఆర్డర్ పెట్టాను, 3,250 రూపాయలు, యూపీఐలో ముందే కట్టేశాను. రాత్రి 8:50కి డెలివర్డ్ అని మెసేజ్ వచ్చింది. ఆ టైమ్‌కి నాయన వాకిట్లో మంచమేసుకుని కూర్చునే ఉన్నాడు, మా గల్లీలోకి బండే రాలేదు.

మీరు మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. డెలివర్డ్ అనేది డెలివరీ బాయ్ తన ఫోన్‌లో నొక్కిన బటన్ మాత్రమే. పార్శిల్ మీ చేతికి వచ్చిందనడానికి అదొక్కటే రుజువు కాదు. నల్గొండలో కొరియర్ హబ్‌లో పనిచేసే ఒకాయన నాకు చెప్పిందేమంటే, రాత్రికి పార్శిళ్లు పెండింగ్ చూపిస్తే పైనుంచి మాట పడాలి కాబట్టి కొందరు ముందే డెలివర్డ్ కొట్టేసి మరుసటి రోజు పొద్దున తెచ్చి ఇస్తారట. ఇంకొన్నిసార్లు ఊరి మొదట్లో ఉన్న కిరాణా కొట్టులోనో, ఫోన్ ఎత్తకపోతే పక్కింట్లోనో ఇచ్చి పోతారు. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, అట్లా వేరేవాళ్ల ఇంటికి పోవడం కూడా ఉంటుంది. అందుకే మొదటి గంటలో ఇంట్లో అందరినీ, ఇరుగుపొరుగునూ, కొట్టు ఆయననూ అడగండి. డెలివరీ బాయ్ చేసిన ఫోన్ మీ కాల్ లిస్ట్‌లో ఉంటే దానికి తిరిగి చేయండి. "తమ్మీ, పార్శిల్ ఎవరికిచ్చినవ్" అని నెమ్మదిగా అడిగితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

తేలకపోతే "పార్శిల్ రాలేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. డెలివరీ రుజువు అడగండి, దాన్ని వాళ్ల భాషలో పీఓడీ అంటారు. అందుకున్నవాళ్ల పేరు, సంతకం, ఫొటో తీసి ఉంటే ఆ ఫొటో, ఓటీపీ పెట్టి ఉంటే అది ఎన్ని గంటలకు ఎంటర్ చేశారు, లొకేషన్ ఎక్కడ చూపిస్తోంది, ఇవన్నీ అడగాలి. అన్ని పార్శిళ్లకూ ఇవన్నీ ఉండవు, కానీ చాలావాటికి ఏదో ఒకటి ఉంటుంది. ఏదీ లేకపోతే అదే మీకు బలం, ఇచ్చామనడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదన్నట్టే కదా.

నా విషయంలో రెండో రోజు పీఓడీ వచ్చింది. అందుకున్నవారు అన్న చోట మా నాయన పేరు ఉంది, కింద ఇంగ్లిష్‌లో ఒక గీత గీసిన సంతకం ఉంది. మా నాయన తెలుగులోనే సంతకం పెడతాడు, ఇంగ్లిష్ అక్షరాలు రావు. ఫొటోలో ఒక ఇనుప షట్టర్ కనిపించింది, మాది చెక్క తలుపు. నాయన పాస్‌బుక్‌లో సంతకం, మా తలుపు ఫొటో, ఆ పీఓడీ, మూడూ కలిపి ఒకే మెయిల్‌లో పంపాను. అప్పటిదాకా "డెలివరీ అయింది కదా" అన్నవాళ్లు ఆ తర్వాత "విచారిస్తున్నాం" అన్నారు.

ఫిర్యాదు ఎవరికి చేయాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు, నేనూ మొదటి రోజంతా కొరియర్ వాళ్ల చుట్టే తిరిగాను. కొరియర్‌ను పెట్టుకున్నది అమ్మినవాళ్లు, మనం డబ్బు కట్టింది కూడా వాళ్లకే. కాబట్టి కొరియర్ వాళ్లు "సెల్లర్‌ను అడగండి" అంటారు, సెల్లర్ "కొరియర్‌ను అడగండి" అంటాడు, మనం మధ్యలో నలిగిపోతాం. ఎక్కడ కొన్నారో అక్కడే, ఆ యాప్ లేదా సైట్‌లో ఆర్డర్ మీద ఫిర్యాదు రాయండి. మీ నష్టానికి జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఫోన్‌లో చెప్పినా సరే, తప్పకుండా రాతలో పెట్టి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. నేను రాసింది సుమారుగా ఇది:

"నా ఆర్డర్ నంబర్ ఇది. ఫలానా తేదీన రాత్రి 8:50కి డెలివర్డ్ అని చూపిస్తోంది. పార్శిల్ నాకు గానీ మా ఇంట్లో ఎవరికీ గానీ అందలేదు. ఎవరికిచ్చారో రుజువు పంపండి. పంపలేకపోతే నా డబ్బు వాపసు ఇవ్వండి."

దీంతోపాటు ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, ఆ రోజు కాల్ లిస్ట్ పెట్టండి. స్క్రీన్‌షాట్ ఈరోజే తీయండి, తర్వాత స్టేటస్ మారిపోవచ్చు. "రెండు రోజులు ఆగండి, వస్తుంది" అంటారు. ఆగొచ్చు, కానీ ఫిర్యాదు నమోదయ్యాకే ఆగండి, ఎందుకంటే ఫిర్యాదుకు గడువు పెట్టే సైట్లు ఉంటాయి.

కస్టమర్ కేర్ దగ్గర కదలకపోతే అదే సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ కోసం వెతకండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు సైట్‌లో పెట్టి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నా మెయిల్‌లో ఈ 48 గంటల మాట రాశాకే ఒక మనిషి నుంచి ఫోన్ వచ్చింది, అంతకుముందు అన్నీ ఒకే రకం రెడీమేడ్ జవాబులే.

అయినా తేలలేదు, తొమ్మిదో రోజు 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, `consumerhelpline.gov.in` లో కూడా రాయొచ్చు. వాళ్లు కోర్టు కాదు, ఆర్డర్ వేయలేరు, మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. నాకు అది సరిపోయింది, పద్నాలుగో రోజు డబ్బు మొత్తం ఖాతాలో పడింది. మిక్సీ ఎక్కడికి పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉండే జిల్లాలోనే, నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందని అక్కడిదాకా పోనక్కర్లేదు. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో కూడా "సరుకు అందలేదు" అని డిస్ప్యూట్ పెట్టండి.

ఒక్క చోట మాత్రం కష్టమవుతుంది, ఓటీపీ మీరే చెప్పి ఉంటే. "అన్నా, ఊరి బయట ఉన్నా, ఓటీపీ చెప్పు, వచ్చి ఇస్త" అంటే చెప్పొద్దు. ఆ నంబర్ మీ నుంచి పోయిందంటే వాళ్ల రికార్డులో మీరు అందుకున్నట్టే. పార్శిల్ చేతిలో పడ్డాక చెప్పండి.

ఇంకొకటి, ఈ టెన్షన్‌లో కస్టమర్ కేర్ నంబర్‌ను నెట్‌లో వెతకొద్దు. మా మేనమామ కొడుకు అట్లా దొరికిన నంబర్‌కు చేస్తే, రీఫండ్ కోసం ఏదో యాప్ వేసుకోమన్నారు, వేసుకున్నాక ఖాతాలో నుంచి 18 వేలు పోయాయి. నంబర్ మీరు కొన్న యాప్ లోపలి నుంచే తీసుకోండి. ఇప్పటికే ఎవరికైనా వివరాలు చెప్పి డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి, అక్కడ ప్రతి గంటా లెక్కే.

మీది నిన్నటిదే కాబట్టి ఈరోజు పక్కింట్లో, కొట్టులో అడిగి, సాయంత్రం లోపు ఆ యాప్‌లో పీఓడీ అడుగుతూ రాయండి. పీఓడీ వచ్చాక అందులో ఏముందో ఇక్కడ పెట్టండి, సంతకంలోనో ఫొటోలోనో తేడా ఉంటే మెయిల్‌లో ఎట్లా రాయాలో చెప్తాను.